స్క్రీన్ మీద నలభై ఆరు లక్షలు, విత్‌డ్రా నొక్కితే "ముందు టాక్స్ కట్టండి": క్రిప్టో యాప్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు ఫైల్ చేసే పని చేస్తాను. క్రిప్టో మోసాలు నా పని కాదు. కానీ ఈ మధ్య నా దగ్గరికి వచ్చే వాళ్లలో కొందరు "మోసపోయాం" అని రావడం లేదు. "సార్, లాభం మీద టాక్స్ కడితేనే విత్‌డ్రా అవుతుందట, త్వరగా చలాన్ తీసిపెట్టండి" అని వస్తున్నారు. వాళ్లు అడిగిన ప్రశ్నలే ఇవి. మొదటి ప్రశ్న అడిగినాయన అనుమతితో ఆయన లెక్కలు ఇక్కడ వాడుకున్నాను. పేరు, ఊరు, యాప్ పేరు రాయడం లేదు. ఆ యాప్ పేరు రాసినా లాభం లేదు, వచ్చే నెలకి అది ఇంకో పేరుతో ఉంటుంది.

## నా అకౌంట్‌లో 52,000 యూఎస్‌డీటీ ఉంది. విత్‌డ్రా కావాలంటే లాభం మీద 30 శాతం టాక్స్ కట్టమంటున్నారు. చలాన్ ఎలా తీయాలి?

చలాన్ తీయకండి. వాళ్లు చెప్పిన చోటికీ పంపకండి.

ముందు లెక్క చూద్దాం. ఆయన నాలుగు విడతల్లో డబ్బు వేశారు: 10,000, తర్వాత 50,000, తర్వాత 1,70,000, చివరికి బంగారం తాకట్టు పెట్టి 4,00,000. మొత్తం 6,30,000 రూపాయలు. యూఎస్‌డీటీ అంటే ఒక డాలర్ విలువకు కట్టి ఉంచిన క్రిప్టో కాయిన్. అది ఒకటి 90 రూపాయలు చొప్పున లెక్క వేసి అతని ఖాతాలో 7,000 యూఎస్‌డీటీ చూపించారు. ఏడు వారాల్లో అది 52,000 అయింది. రూపాయల్లో 46 లక్షల 80 వేలు. అంటే "లాభం" 45,000 యూఎస్‌డీటీ. దానిలో 30 శాతం 13,500. రూపాయల్లో 12 లక్షల 15 వేలు.

ఇప్పుడు ఆ 12 లక్షల 15 వేలు ఎక్కడ కట్టమన్నారో చూడండి. ఇన్‌కమ్ టాక్స్ వెబ్‌సైట్‌లో కాదు, కస్టమర్ సర్వీస్ చాట్‌లో పంపిన ఒక వాలెట్ అడ్రస్‌కి. "వద్దు, బ్యాంకులో కడతాను" అంటే ఏదో ట్రేడర్స్ పేరు మీదున్న కరెంట్ ఖాతా నంబర్ ఇచ్చారు. భారత ప్రభుత్వానికి కట్టే పన్ను మీ పాన్ నంబరు మీద, incometax.gov.in లోని e-Pay Tax ద్వారా లేదా బ్యాంకు చలాన్ ద్వారా ప్రభుత్వ ఖాతాకే వెళ్తుంది. యూఎస్‌డీటీ రూపంలో పన్ను తీసుకునే కౌంటర్ మన దేశంలో ఎక్కడా లేదు. ఒక ట్రేడింగ్ కంపెనీకి మీ ఆదాయపు పన్ను వసూలు చేసి, అది కట్టేదాకా మీ డబ్బు ఆపే అధికారమూ లేదు.

ఆయన రెండో ప్రశ్న ఇంకా బాగుంది. "పోనీ నేనే ప్రభుత్వానికి 12 లక్షలు కట్టి రసీదు వాళ్లకి చూపిస్తాను, అప్పుడు వదులుతారు కదా?" చాట్‌లో అదే అడగమన్నాను. "ప్రభుత్వానికి మా ద్వారానే కట్టాలి" అని జవాబు వచ్చింది. టాక్స్ గొడవ అక్కడితో తేలిపోయింది.

## క్రిప్టో లాభం మీద 30 శాతం టాక్స్ నిజంగానే ఉంది కదా?

ఉంది. అందుకే ఈ మాట అంత బాగా పనిచేస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్ కలిపి 31.2 శాతం పడుతుంది. 2022 జూలై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. మోసగాళ్లు ఈ 30 అంకెను పట్టుకున్నారు. అమెరికాలో ఉన్న మన వాళ్ల దగ్గర అదే యాప్ అక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్ పేరు చెబుతుంది. దేశాన్ని బట్టి అంకె మారుతుంది, అంతే.

అసలు తేడా పన్ను ఎప్పుడు, ఎక్కడ నుంచి పోతుందన్న దగ్గర ఉంది. టీడీఎస్ అంటేనే మీకు వచ్చే డబ్బులోంచి కోసుకోవడం. మీరు లక్ష రూపాయల క్రిప్టో అమ్మితే ఎక్స్ఛేంజ్ వెయ్యి కోసుకుని మిగతాది మీకు ఇస్తుంది. ఆ వెయ్యి మీ పాన్ మీద ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది. మిగతా పన్ను డబ్బు మీ చేతికి వచ్చాక, అడ్వాన్స్ టాక్స్‌గానో రిటర్న్ వేసేటప్పుడో మీరే కట్టుకుంటారు. డబ్బు ఇవ్వడానికి ముందే మీ జేబులోంచి కొత్తగా పన్ను తెమ్మనే పద్ధతి ఈ రెండింటిలోనూ లేదు.

## "నా లాభంలోంచే కోసుకుని మిగతాది ఇవ్వండి" అని అడిగితే ఏమంటారు?

ఎవరైనా నన్ను ఒక్క పరీక్షే చెప్పమంటే ఇదే చెబుతాను. 52,000 మీ ఖాతాలో ఉందంటున్నారు. 13,500 వాళ్లకు కావాలి. కోసుకుంటే 38,500 మిగులుతుంది. ఐదో తరగతి పిల్లాడు చేసే తీసివేత. ఎందుకు చేయరు?

వాళ్ల జవాబులు దాదాపు ఎప్పుడూ ఈ మూడు నాలుగు రకాలే. "మీ ఖాతా రెగ్యులేటర్ లాక్ చేశాడు, అందులోంచి తీయడం సాంకేతికంగా కుదరదు." "లోపలి డబ్బుతో కడితే మనీ లాండరింగ్ కిందకి వస్తుంది." "మీ ఫండ్స్ మీవేనని నిరూపించడానికి బయటి నుంచి కట్టాలి." "ఇది మా నియమం, మీరు సంతకం చేసిన ఒప్పందంలో ఉంది." ఆ మాటలు చెప్పే తీరు చాలా మర్యాదగా ఉంటుంది, బ్యాంకు ఉత్తరంలా ఉంటుంది. కానీ తీసివేత మాత్రం చేయరు. ఎందుకంటే అక్కడ 52,000 లేదు. 7,000 కూడా లేదు. మీరు పంపిన రోజే అది వెళ్లిపోయింది. లేని దాంట్లోంచి ఎంత కోసినా వాళ్లకి పైసా రాదు, మీరు బయటి నుంచి తెస్తేనే వస్తుంది.

నిజమైన ఎక్స్ఛేంజ్‌లో విత్‌డ్రాయల్ ఫీజు ఎలా ఉంటుందో గమనించండి. టీఆర్‌సీ20, అంటే ట్రాన్ నెట్‌వర్క్ మీద యూఎస్‌డీటీ బయటికి పంపితే సాధారణంగా ఒకటి రెండు డాలర్ల ఫీజు, అదీ పంపే మొత్తంలోంచే. మీరు 500 పంపితే 499 చేరుతుంది. దానికోసం ఎవరూ మిమ్మల్ని ఇంకో డాలర్ డిపాజిట్ చేయమనరు.

ఒక్క మినహాయింపు ఉంది, అది కూడా చెప్పాలి. డబ్బు ఎక్స్ఛేంజ్‌లో కాకుండా మీ సొంత వాలెట్‌లో, అంటే దాన్ని తెరిచే రహస్య సీడ్ పదాలు మీ దగ్గరున్న వాలెట్‌లో ఉంటే, ట్రాన్ నెట్‌వర్క్ మీద యూఎస్‌డీటీ పంపడానికి అందులో కొంచెం టీఆర్ఎక్స్ కాయిన్ ఉండాలి. అది నెట్‌వర్క్ ఖర్చు, కొద్ది డాలర్లలో ఉంటుంది. "మీ బ్యాలెన్స్‌లో 10 శాతం గ్యాస్ ఫీజు" అని ఎవరైనా అంటే అది ఇది కాదు. నెట్‌వర్క్ ఖర్చుకి మీరు పంపే మొత్తంతో సంబంధం ఉండదు. వంద పంపినా లక్ష పంపినా ఒకటే.

## మరి మొదట్లో 3,000 రూపాయలు విత్‌డ్రా పెడితే పది నిమిషాల్లో వచ్చాయి కదా?

వచ్చాయి. ఆ 3,000 వాళ్లకు ఖర్చు కాదు, చేపకి వేసిన ఎర. మా క్లయింటు 10,000 వేసినప్పుడు 3,000 తిరిగి ఇచ్చారు, ఆ నమ్మకంతో ఆయన 6,20,000 తెచ్చి పెట్టారు. చిన్న మొత్తం రావడం ఏమీ నిరూపించదు. ఏదైనా తెలియాలంటే మీరు పెట్టినదంతా, ఇంకొంత లాభంతో సహా, ముందుగా ఎవరికీ చెప్పకుండా విత్‌డ్రా పెట్టి చూడాలి. చాలామంది ఇది చేయరు. "ఇప్పుడు తీస్తే వీఐపీ లెవెల్ పోతుంది" అని టెలిగ్రామ్ గ్రూపులో ట్రేడింగ్ నేర్పే "టీచర్" చెప్తాడు, వీళ్లు ఆగిపోతారు.

ఆ 3,000తో ఇంకో తలనొప్పి ఉంది. ఇది చాలామందికి తెలియదు. ఆ డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చిందో మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడండి. యాప్ పేరు ఉండదు. ముక్కూ మొహం తెలియని ఎవరో వ్యక్తి పేరు ఉంటుంది. తరచుగా అది ఇంకో బాధితుడు యాప్‌లో డిపాజిట్ అనుకుని పంపిన డబ్బే. అతను రేపు ఫిర్యాదు చేస్తే పోలీసులు ఆ డబ్బు వెళ్లిన దారి పట్టుకుని వస్తారు. ఆ దారిలో మీ ఖాతా కూడా ఉంటుంది. అప్పుడు మీ జీతం ఖాతా మీద హోల్డ్ పడుతుంది. ఆరు లక్షలు పోగొట్టుకున్నవాడే మూడు వేల కోసం బ్యాంకు చుట్టూ తిరుగుతాడు. అలాంటప్పుడు బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రంలో ఏ పోలీస్ స్టేషన్ అన్నది రాతపూర్వకంగా తీసుకుని, మీ ఫిర్యాదు కాపీతో ఆ స్టేషన్‌కి రాయండి.

## ఆ యాప్‌లో బిట్‌కాయిన్ ధర బయట ధరతో సరిగ్గా సరిపోతోంది. చార్ట్ నిజమైతే ట్రేడింగ్ కూడా నిజమే కదా?

చార్ట్ నిజమైనదే అయి ఉండొచ్చు. పెద్ద ఎక్స్ఛేంజ్‌ల ధరలు ఎవరైనా ఉచితంగా తమ పేజీలో చూపించుకోవచ్చు. పక్కనున్న మీ బ్యాలెన్స్‌కి ఆ చార్ట్‌తో సంబంధం లేదు. అది వాళ్ల సర్వర్‌లో రాసుకున్న ఒక అంకె.

ఇలాంటి వాటిలో ఎక్కువగా కనిపించేది "60 సెకన్ల ట్రేడ్". ధర పెరుగుతుందా తగ్గుతుందా అని నొక్కాలి, నిమిషం తర్వాత 20 శాతమో 30 శాతమో లాభం. టెలిగ్రామ్ గ్రూపులో టీచర్ సాయంత్రం ఫలానా టైముకి "అప్, 60 సెకన్లు" అంటాడు, అందరూ నొక్కుతారు, అందరూ గెలుస్తారు. వెనకాల అడ్మిన్ స్క్రీన్‌లో ఏ యూజర్ గెలవాలో ఏ యూజర్ ఓడాలో ఎంచుకునే ఏర్పాటు ఉంటుంది. పట్టుకోవాలంటే మీ ట్రేడ్ మూసిన సమయం, మూసిన ధర రాసుకుని, అదే నిమిషానికి ఏదైనా పెద్ద ఎక్స్ఛేంజ్‌లో ఒక నిమిషం క్యాండిల్, అంటే ఆ నిమిషంలో ధర ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కదిలిందో చూపే గీత, తెరిచి చూడండి. యాప్ చూపిన ధర ఆ నిమిషంలో గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్యలో లేకపోతే ఆ ధర ఎక్కడా పుట్టలేదన్నమాట. కొన్ని యాప్‌లు ఈ శ్రమ కూడా పెట్టుకోవు. సొంత కాయిన్ ఒకటి "కొత్తగా లిస్ట్ అయింది" అంటాయి. దాని ధర ఆ యాప్‌లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించదు.

మా క్లయింటుకి ఏడు వారాల్లో ఒక్కటంటే ఒక్క నష్టం ట్రేడ్ ఉంది. అది కూడా టీచర్ చెప్పిన టైముకి కాకుండా ఆయన సొంతంగా నొక్కినది. "చూశారా, గురువు మాట వినకపోతే ఇంతే" అన్నారట గ్రూపులో.

## నేను పంపిన డబ్బు ఇప్పుడెక్కడుందో చూడొచ్చా?

కొంతవరకు చూడొచ్చు. మీరు యూఎస్‌డీటీ రూపంలో పంపి ఉంటే, నెట్‌వర్క్ TRC20 అయితే, మీరు పంపిన అడ్రస్ T అక్షరంతో మొదలై 34 అక్షరాలు ఉంటుంది. దాన్ని tronscan.org లో వెతికితే వచ్చినవీ పోయినవీ అన్నీ కనిపిస్తాయి. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కానీ చూసింది తప్పుగా అర్థం చేసుకోకండి. ఆ అడ్రస్‌లో బ్యాలెన్స్ సున్నా ఉందంటేనే మోసమని కాదు. నిజమైన ఎక్స్ఛేంజ్‌లు కూడా డిపాజిట్ అడ్రస్‌లోంచి డబ్బు ఎప్పటికప్పుడు తమ పెద్ద వాలెట్‌లోకి లాగేసుకుంటాయి. చూడాల్సింది అక్కడి నుంచి ఎక్కడికి పోయిందన్నది. నిజమైన ఎక్స్ఛేంజ్ అయితే సాధారణంగా అది ఆ ఎక్స్ఛేంజ్ పేరు ట్యాగ్ ఉన్న వాలెట్‌కి చేరుతుంది. మోసంలో పేరు లేని ఒక వాలెట్ నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి మూడోదానికి, కొన్ని గంటల్లోనే దాటిపోతుంది, దారిలో ఇంకా చాలామంది డబ్బుతో కలుస్తుంది. ఇంకో తేడా, నిజమైన చోట మీ డిపాజిట్ అడ్రస్ మీ ఖాతా పేజీలో ఉంటుంది. ఇక్కడ ప్రతిసారీ కస్టమర్ సర్వీస్ చాట్‌లో కొత్తది పంపిస్తారు.

రూపాయల్లో పంపిన వాళ్లకి బ్లాక్‌చెయిన్ అక్కర్లేదు, యూపీఐ హిస్టరీ, బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు. మా క్లయింటు నాలుగు డిపాజిట్లు నాలుగు పేర్లకి వెళ్లాయి. ఒకటి ఎంటర్‌ప్రైజెస్, ఒకటి టెక్స్‌టైల్స్, రెండు మామూలు మనుషుల పేర్లు. నాలుగు రాష్ట్రాల్లో నాలుగు బ్యాంకులు. కమీషన్ కోసం అద్దెకిచ్చిన ఖాతాలివి. పోలీసులు వీటిని మ్యూల్ ఖాతాలంటారు. బట్టల కొట్టు ఖాతాలో డబ్బు వేస్తే బిట్‌కాయిన్ ఎలా వస్తుందని అప్పుడే అడగాల్సింది. ఆయన అడిగారు కూడా. "అవి మా పేమెంట్ పార్ట్‌నర్లు" అన్నారు.

## వాళ్లకి అమెరికా లైసెన్స్ ఉంది. సర్టిఫికెట్ చూపించారు.

ఎంఎస్‌బీ అని రాసి ఉందా? ఉంటుంది. అమెరికాలో ఫిన్‌సెన్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర ఎంఎస్‌బీలు, అంటే డబ్బు బదిలీ లాంటి వ్యాపారాలు, నమోదు చేసుకోవాలి. అది ఒక నమోదు మాత్రమే. ఫారం నింపితే జాబితాలోకి ఎక్కుతుంది. ఆ జాబితాలో ఉండటం తమ సిఫార్సు కాదని ఫిన్‌సెనే చెబుతుంది. మన దేశంలో 2023 మార్చి నుంచి క్రిప్టో సేవలిచ్చే వాళ్లు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చారు. అనుమానాస్పద లావాదేవీలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్ఐయూ ఇండియా దగ్గర నమోదు కావాలి. సర్టిఫికెట్ బొమ్మను నమ్మకుండా ఆ జాబితాలో పేరు వెతకండి. ఎక్స్ఛేంజ్ పేరు దొరికినా, మీ ఫోన్‌లో ఉన్న యాప్, వెబ్ అడ్రస్ ఆ సంస్థవేనా అన్నది కూడా చూడాలి. అసలు పేరుకి ఒక అక్షరం తగిలించి నకిలీ సైట్ పెట్టడం వీళ్లకి మామూలు.

## టాక్స్ కట్టేస్తే అక్కడితో అయిపోతుందిగా? ఇంత పోయాక ఇంకొంచెం...

అయిపోదు. కట్టిన వాళ్ల చాట్‌లు చదివాను. టాక్స్ అయ్యాక "మీరు ఆలస్యంగా కట్టారు, పెనాల్టీ" వస్తుంది. ఆ తర్వాత "మీ క్రెడిట్ స్కోర్ 80కి పడిపోయింది, 100 కావాలంటే ఒక్కో పాయింటుకి ఇంత". తర్వాత "మీ బ్యాంకు ఖాతా నంబరులో ఒక అంకె తప్పు, ఖాతా ఫ్రీజ్ అయింది, విడిపించడానికి సెక్యూరిటీ డిపాజిట్". ఆ అంకెను వాళ్లే మారుస్తారు. చివర్లో "త్వరగా కావాలంటే వీఐపీ చానల్". ప్రతిదానికీ గడువు ఉంటుంది, 24 గంటలో 48 గంటలో. ప్రతిదానికీ "ఇది తిరిగి ఇచ్చేసే డిపాజిట్" అంటారు. అప్పు తెచ్చుకోవడానికి సాయం చేస్తానంటూ గ్రూపులోని స్నేహితురాలు సగం తను వేస్తానంటుంది. స్క్రీన్ మీద వేసినట్టు కనిపిస్తుంది కూడా.

చదువుకున్న వాళ్లు ఇందులో పడరనుకుంటే, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ అనే చిన్న ఊరు చూడండి. అక్కడి హార్ట్‌ల్యాండ్ ట్రై-స్టేట్ బ్యాంకు సీఈఓ షాన్ హేన్స్ ఇలాంటి క్రిప్టో మోసంలోనే చిక్కుకున్నాడు. ముందు సొంత డబ్బు, తర్వాత చర్చి డబ్బు, ఇన్వెస్ట్‌మెంట్ క్లబ్ డబ్బు. చివరికి 2023 మే నుంచి జూలై మధ్య బ్యాంకు డబ్బే 4 కోట్ల 70 లక్షల డాలర్లు విడతలుగా పంపేశాడు. ఇంకొంచెం పంపితే మొత్తం తిరిగి వస్తుందన్న ఆశతో ఒక ఖాతాదారుడిని అప్పు కూడా అడిగాడు. జూలై చివర్లో బ్యాంకు మూతపడింది. 2024 ఆగస్టులో ఆయనకి 24 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. రోజూ అప్పు దరఖాస్తులు పరిశీలించే మనిషి ఆయన.

## నిజమైన ఎక్స్ఛేంజ్‌లు కూడా విత్‌డ్రాయల్ ఆపుతాయి కదా? ఆపిన ప్రతిదీ మోసమేనా?

కాదు. కొత్త అడ్రస్ చేర్చినా, పాస్‌వర్డ్ మార్చినా చాలా ఎక్స్ఛేంజ్‌లు 24 గంటలు విత్‌డ్రాయల్ ఆపుతాయి. కేవైసీ మళ్లీ అడుగుతాయి, డబ్బు ఎక్కడిదని కాగితాలు అడుగుతాయి. ఘోరంగా కూడా ఆగొచ్చు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో హ్యాకర్లు దోచుకున్నాక అక్కడి జనం ఏడాదికి పైగా తమ క్రిప్టో ముట్టుకోలేకపోయారు. బాధ నిజమే, కోపం నిజమే. కానీ అక్కడ వ్యవహారం సింగపూర్ కోర్టులో నడిచింది. "మీ డబ్బు కావాలంటే ముందు 30 శాతం పంపండి" అన్న షరతు అక్కడ లేదు.

అంటే నిజమైన చోట అడిగేది కాగితాలు, లేదా వేచి ఉండమనడం. ఇక్కడ అడిగేది డబ్బు. కేవైసీ కాగితాలు ఎన్ని ఇచ్చినా ఇక్కడ సమస్య తీరదు, డబ్బు పంపితే మాత్రం ఓ పూట తీరినట్టు కనిపిస్తుంది.

## మా గ్రూపులో 180 మంది ఉన్నారు. అందరూ విత్‌డ్రా చేసుకుని స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు. వాళ్లంతా అబద్ధమా?

గ్రూపులో నిజమైన కస్టమర్లు ముగ్గురో నలుగురో మాత్రమే ఉండొచ్చు. మిగతా నంబర్లు ఒకే గదిలో కూర్చున్న వాళ్లవి కావచ్చు. ఆ గదుల్లో మన వాళ్లు కూడా ఉన్నారన్నది ఇందులో మరీ బాధాకరమైన సంగతి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఆంధ్ర కుర్రాళ్లను కంబోడియాకి తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించిన ముఠా గుట్టును 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. మీతో తెలుగులో అంత చక్కగా మాట్లాడే "అక్క" అలా ఇరుక్కున్న మనిషి కావచ్చు. జాలి పడండి, డబ్బు మాత్రం పంపకండి.

పరీక్షించాలంటే గ్రూపులో ఎవరైనా ఒకరిని వీడియో కాల్‌లో బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమనండి, లేదా గ్రూపులోనే "ఎవరికైనా లక్ష దాటి వచ్చిందా?" అని రాయండి. మిమ్మల్ని తీసేయడానికి ఐదు నిమిషాలు పట్టదు.

## ఇప్పుడు ఏం చేయాలి?

ఈ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పూర్తి చేయండి. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా ఇదే నంబరు. అమెరికాలో ఉంటే ic3.gov. తొందర ఎందుకంటే రూపాయల్లో పంపిన డబ్బు మ్యూల్ ఖాతాలో కొంతసేపైనా ఆగుతుంది. అక్కడున్నప్పుడే బ్యాంకు హోల్డ్ పెడితే ఆ మేరకు దక్కుతుంది. అలా హోల్డ్ పడిన డబ్బును తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. యూఎస్‌డీటీగా మారి దేశం దాటిపోయిన డబ్బు వెనక్కి రావడం చాలా అరుదు. యూఎస్‌డీటీని జారీ చేసే టెథర్ సంస్థ కొన్ని వాలెట్లను ఫ్రీజ్ చేయగలదు, చేస్తుంది కూడా, కానీ దర్యాప్తు సంస్థలు అడిగితేనే, అదీ డబ్బు ఇంకా అక్కడుంటేనే.

ఫోన్ చేసే ముందు ప్రతి చెల్లింపుకీ తేదీ, మొత్తం, యూటీఆర్ నంబరు, ఏ ఖాతాకి వెళ్లిందో ఒక కాగితం మీద రాసుకోండి. క్రిప్టో పంపి ఉంటే 64 అక్షరాల ట్రాన్సాక్షన్ హ్యాష్, వాలెట్ అడ్రస్ కావాలి. చాట్‌ని వెంటనే స్క్రీన్ రికార్డ్ చేయండి. టెలిగ్రామ్‌లో అవతలివాడు రెండు వైపులా చాట్ తుడిచేయగలడు. అందుకే ఫిర్యాదు చేస్తానని వాళ్లను బెదిరించకండి, రికార్డు చేసుకునేదాకా మామూలుగానే మాట్లాడండి. యాప్ తీసేయకండి, కానీ ఆ ఫోన్‌లో బ్యాంకింగ్ చేయకండి. ఆధార్, పాన్ ఫోటోలు వాళ్లకి ఇచ్చి ఉంటే ఫిర్యాదులో ఆ మాట కూడా రాయండి.

## పోయిన క్రిప్టో తిరిగి రాబడతామని ఒక లాయర్ మెసేజ్ పెట్టాడు...

ముందు ఫీజు అడిగాడా? అయితే అతను కూడా వాళ్లే, లేదా వాళ్ల దగ్గర మీ నంబరు కొన్నవాడు. మీ డబ్బు దొరికిందంటూ ఇంకో స్క్రీన్ చూపిస్తాడు, దాన్ని విడిపించడానికి మళ్లీ ఇంకో టాక్స్.

## ఆ 45,000 యూఎస్‌డీటీ లాభాన్ని రిటర్న్‌లో చూపించాలా?

వద్దు. కొన్నదీ లేదు, అమ్మినదీ లేదు. సర్వర్‌లో రాసిన అంకె ఆదాయం కాదు. ఫిర్యాదు కాపీ మాత్రం జాగ్రత్తగా ఉంచుకోండి, ఎప్పుడైనా బ్యాంకు లావాదేవీల గురించి నోటీసు వస్తే అది పనికొస్తుంది. యూఎస్‌డీటీని మీరే నిజమైన ఎక్స్ఛేంజ్‌లో కొని వాళ్లకి పంపి ఉంటే ఆ లావాదేవీల సంగతి వేరు, ఆ స్టేట్‌మెంట్ తీసుకుని మీ ఆడిటర్‌ని కలవండి.

## మా నాన్నకి ఎంత చెప్పినా వినడం లేదు. "నీకు అసూయ" అంటున్నారు. ఏం చేయాలి?

మోసం అన్న మాటతో మొదలుపెట్టకండి. అమెరికాలో ఎఫ్‌బీఐ 2024 జనవరి నుంచి ఇలాంటి బాధితులను తనే వెతికి ఫోన్ చేస్తోంది. ఫోన్ చేసిన వాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి తాము మోసపోతున్నట్టే తెలియదు. స్క్రీన్ మీద అంకె రోజూ పెరుగుతుంటే తెలియదు మరి.

మా క్లయింటు విషయంలో కూడా నేను వాదించలేదు. ఆయన ఫోన్ ఆయన చేతిలోనే ఉంచి, తెలుగులోనే చాట్‌లో ఒక్క వాక్యం టైప్ చేయమన్నాను: "నా బ్యాలెన్స్‌లోంచి 13,500 కోసుకుని మిగతా 38,500 పంపండి, నాకు సమ్మతమే." పక్కన ఆయన భార్య కూర్చుని ఉంది. జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది: "సార్, అది సిస్టమ్‌లో సాధ్యం కాదు, దయచేసి ఈ రోజు సాయంత్రం 6 లోపు కట్టండి, లేకపోతే ఖాతా రద్దవుతుంది." ఆయన అది రెండుసార్లు చదివారు. కాసేపటికి, "కోసుకోవడానికి ఏం లేదన్నమాట" అన్నారు. తాకట్టు రసీదు ఏ బీరువాలో ఉందో ఆమెకి చెప్పి, 1930కి ఫోన్ కలిపారు.